పాత మూటకి కొత్త ధరా?

ఇంట్లో పాత గాజులు మార్పించుకోవడానికి కంసాలి దగ్గరికి వెళ్ళినప్పుడు, "ఇవి మా పెళ్ళినాటివండీ, అప్పటి ధరే కట్టండి" అని చెప్పిన ఇల్లాలిని మీరెక్కడైనా చూశారా? నేనైతే చూడలేదు. కంసాలి ఈనాటి ధర కట్టాల్సిందే. అందులో రవ్వంత తగ్గినా మనం ఊరుకోం. అదే మనం కిరాణా అంగడికి వెళ్ళి, నిన్న చూసిన మూటలోంచే శెట్టిగారు ఇవాళ కందిపప్పు కొలిచి, కిలోకి ఇరవై రూపాయలు ఎక్కువ చెప్పాడనుకోండి. "పాత సరుకే కదయ్యా, కొత్త ధర ఎలా వేస్తావు?" అని నిలదీస్తాం. గాజులకి ఒక న్యాయం, పప్పుకి ఒక న్యాయమూను.

నేనూ అలా నిలదీసే జాతిలోనే పుట్టాను. బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని, నాకు వ్యాపారం లెక్కలతో పనేముంది? ఆ లెక్క వెనక ఒక సంసారం నిలబడటమో కూలబడటమో ఉంటుందని చౌడేపల్లెలో మా అక్క అంగడి చూశాకే తెలిసింది.

అక్క అంటే మా పెదనాన్నగారి అమ్మాయి. బావగారు పోయాక కిరాణా అంగడి ఆవిడ చేతికొచ్చింది. పెద్ద అంగడేమీ కాదు. బోయకొండ గంగమ్మ దర్శనానికి వచ్చేపోయేవాళ్ళు టెంకాయలూ, కర్పూరమూ కొంటారు. ఊళ్ళోవాళ్ళు బేడలూ, మిరపకాయలూ, చింతపండూ కొంటారు. మీరు కందిపప్పు అనేదాన్ని అక్కడ కందిబేడలంటారు. సరుకంతా మదనపల్లె టోకు అంగడి నుంచి ఆటోలో వస్తుంది.

2015లో దేశమంతా కందిపప్పు కోసం గగ్గోలు పెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వానలు సరిగ్గా లేక పంట తగ్గింది. ఏడాది మొదట్లో వంద లోపు ఉన్న పప్పు, అక్టోబరు వచ్చేసరికి చాలా ఊళ్ళలో కిలో 200 రూపాయలు పలికింది. ఆ దసరా సెలవుల్లోనే నేను చౌడేపల్లె వెళ్ళాను. అంగడిలో ఎప్పుడూ వరసగా నిలబడి ఉండే బేడల మూటల చోట ఒకే ఒక్క మూట దిగాలుగా కూచుని ఉంది. "మిగతావేవక్కా?" అంటే, "ఏమో మే, దుడ్డు ఎక్కడికీ పోలేదు. మూటలే పోయినాయి" అంది.

దొంగతనం జరిగిందేమో అనుకున్నాను. కాదు. ఆవిడ చిట్టాపుస్తకం తీసి చూపించింది. దాన్ని మీకూ చూపిస్తాను, ఓపిగ్గా చూడండి. లెక్క చిన్నదే.

ఉగాది తరవాత అక్క నాలుగు మూటలు కొంది. మూటకి 50 కిలోలు, కిలో 90 రూపాయలు. అంటే మూట 4,500, నాలుగూ 18,000. కిలోకి ఎనిమిది రూపాయలు వేసుకుని 98కి అమ్మింది. ఆ ఎనిమిదిలోనే అంగడి బాడుగ, కరెంటు, ఇంటి ఖర్చు అన్నీ వెళ్ళాలి. నాలుగు మూటలూ అమ్మాక ఇంటికి 1,600 వాడుకోగా, గల్లాపెట్టెలో మళ్ళీ 18,000 ఉంది. నష్టమేమీ లేదు కదా? కానీ మదనపల్లెకి ఫోను చేస్తే కిలో 110 అన్నారు. మూట 5,500. ఆ 18,000కి మూడు మూటలొచ్చి, 1,500 చేతిలో మిగిలింది.

కొన్నది 110కి కాబట్టి, ధర్మంగా ఎనిమిది వేసుకుని 118కి అమ్మింది. అవి అయిపోయేసరికి ధర 135. ఇప్పుడు రెండు మూటలే వచ్చాయి. తరవాత 165. అప్పుడూ రెండే. చివరికి 190. చేతిలో ఉన్న 18,000కి ఒక మూట వచ్చింది, ఇంకో మూటకి చాలని డబ్బు మిగిలింది. ఇన్ని నెలల్లో అక్క ఒక్కసారి కూడా కొన్నధర కంటే తక్కువకి అమ్మలేదు. పుస్తకంలో ప్రతి మూట మీదా లాభమే కనిపిస్తుంది. 18,000 చెక్కుచెదరకుండా ఉంది. అయినా నాలుగు మూటల అంగడి ఒక మూట అంగడైపోయింది. నాలుగు మూటలున్నప్పుడు ఇంటికి 1,600 వచ్చేది. ఒక మూట మీద వచ్చేది 400. ఇద్దరు పిల్లల కాలేజీ ఫీజులు ఆ ఎనిమిది రూపాయల్లోంచే రావాలి.

నాకు నోట మాట రాలేదు. ధర్మంగా అమ్మితే ఇలా అవుతుందా?

ఆ చిక్కు విప్పింది టోకు అంగడిలో ఏళ్ళ తరబడి గుమాస్తాగా చేసి మానుకున్న ఒక తాత. సాయంత్రాలు అక్క అంగడి అరుగు మీద కూచుంటాడు. ఆయన పుస్తకం చూసి, "తల్లీ, నువ్వు రూపాయలు లెక్కబెడతా ఉండావు. మూటలు లెక్కబెట్టు. నాలుగు మూటలు అమ్మితే నాలుగు మూటలు తిరిగి రావల్ల. అట్ల వస్తే నీ అంగడి ఉండాది. రాకపోతే నువ్వు బేడలు అమ్మడంలేదు, అంగడినే పావుసేరు లెక్కన అమ్మేస్తా ఉండావు" అన్నాడు.

అందుకని ధర వేసేటప్పుడు చూడాల్సింది వెనక్కి కాదు, ముందుకి. ఈ మూట నాకు ఎంత పడిందన్నది అయిపోయిన సంగతి. ఇది అమ్మితే దీని స్థానంలో రేపు రావలసిన మూట ఎంత అన్నదే ప్రశ్న. టోకు ధర 110 అయిన రోజే, అంగట్లో 90కి కొన్న మూట ఉన్నా సరే, 118కి అమ్మాలి.

అలా చేస్తే పూర్తిగా గట్టెక్కిపోతామా అంటే అదీ కాదు. నేను మళ్ళీ లెక్క వేసి చూశాను. మొదటి నాలుగు మూటల్లో రెండు అమ్ముడయ్యాక ధర పెరిగిందనుకుందాం. మిగిలిన రెండింటినీ 118కి అమ్మితే, ఇంటి ఖర్చు పోగా చేతిలో 20,000 ఉంటుంది. నాలుగు కొత్త మూటలకి కావలసింది 22,000. ఇంకా రెండు వేలు తక్కువే! అదెక్కడ పోయింది? ముందుగా అమ్మిన రెండు మూటల డబ్బు గల్లాపెట్టెలో నిద్రపోతుండగా బయట ధర ఎక్కి కూచుంది. అందుకే తాత ఇంకో మాట కూడా చెప్పాడు. ధరలు ఎక్కే కాలంలో నాలుగూ అయ్యేదాకా ఆగకూడదు. రెండు ఖాళీ అవగానే రెండు తెచ్చుకోవాలి. ఆటో బాడుగ రెండుసార్లు పడుతుంది, నిజమే. అది ధరలో కలుపుకోవలసిన ఖర్చు. డబ్బుగా ఉంటే సరుకు చిక్కిపోతుంది.

అక్క మర్నాటినుంచి చేసిన పని చూసి నాకు ముచ్చటేసింది. రెండు పాత పౌడరు డబ్బాలు తెచ్చి గల్లాపెట్టె పక్కన పెట్టింది. ఒకటి మూట డబ్బా, ఇంకోటి ఇంటి డబ్బా. టోకు ధర 190 అయితే, కిలో అమ్మిన 198లో 190 మూట డబ్బాలో పడాలి, ఎనిమిది ఇంటి డబ్బాలో పడాలి. ఇదెందుకంటారా? అక్కడే ఉంది కిటుకు. 165కి కొన్న మూటని 198కి అమ్మితే పుస్తకంలో కిలోకి 33 రూపాయలు లాభంగా కనిపిస్తుంది. అది చూసి ఇంట్లోవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. మా అక్క మరిది, "వదినా, ఈసారి బాగా మిగిలినట్లుంది, ఒక పెద్ద టీవీ తెద్దామా" అన్నాడట. ఆ 33లో 25 రూపాయలు రాబోయే మూటవి. వాటితో టీవీ తెస్తే, గోడకి టీవీ వస్తుంది, అంగడికి మూట రాదు. కొత్త ధరకి అమ్మి పాత లెక్కన ఖర్చు పెట్టేసినవాళ్ళ గతి, పాత ధరకే అమ్మినవాళ్ళ గతి కంటే మెరుగేమీ కాదు.

ఇంతకీ "రేపటి మూట ధర" ఎలా తెలుస్తుంది? టీవీలో చెప్పేవి ఎక్కడో బొంబాయి, హైదరాబాదు ధరలు. వాటిని విని మన ఊళ్ళో ధర పెంచితే అది పుకారు మీద వ్యాపారం. అక్క పొద్దున్నే టోకు అంగడికి ఫోను చేస్తుంది. "ఎంత పలుకుతా ఉండాది?" అని అడగదు. "ఈపొద్దు రెండు మూటలు ఆటోకెత్తితే ఎంతకిస్తావు?" అని అడుగుతుంది. ఆ రెండు ప్రశ్నలకీ జవాబులు వేరు వేరుగా వస్తాయని ఆవిడ నాకు నవ్వుతూ చెప్పింది. ఇంకో అంగడికీ ఫోను చేసి, ఇద్దరి మాటా కలిస్తే, ఆటో బాడుగ కలిపి, అప్పుడు పలక మీద ధర మారుస్తుంది.

ఇక కొనేవాళ్ళ సంగతి. నేనక్కడ ఉండగానే కూలిపనికి వెళ్ళే ఒకావిడ వచ్చింది. "అదే మూట గదా తల్లీ! మొన్న ఒక మాట అంటివి, ఈపొద్దు ఒక మాట అంటా ఉండావు. మూట రేత్రికి రేత్రి బంగారమైపాయనా?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అరకిలో కొనే మనిషి పావుకిలోకి దిగింది. ఆవిడ కూలి ఆ వారంలో పెరగలేదు కదా!

అక్క మాత్రం తడబడలేదు. "ఇది అమ్మిన దుడ్డుతో ఇంగో మూట తేవల్ల గదమ్మా. తేలేకపోతే వచ్చే వారం నీకేమిచ్చేది? నా ఎనిమిది రూపాయలు అప్పుడూ ఎనిమిదే, ఇప్పుడూ ఎనిమిదే" అంది. తరవాత, "ఈ వారం అలసందలు తీసుకుపో, అవి పెరగలేదు" అని డబ్బా చూపించింది. ఆవిడ గొణుక్కుంటూనే అలసందలు తీసుకుంది.

ఆ "ఎనిమిదే" అన్నదాన్ని నేను చాలా సేపు ఆలోచించాను. ధర పెరిగినప్పుడు అంగడివాడికి ఒక సులువైన దారి ఉంది. "నేనెప్పుడూ నూటికి తొమ్మిది వేసుకుంటాను" అనుకుని, 190 మీద పదిహేడు రూపాయలు వేసుకోవచ్చు. ఎవరికీ తెలియదు. మూటని తిరిగి తెచ్చుకోవడానికి పెంచేది వేరు, ఆ గందరగోళంలో తన వాటా పెంచుకునేది వేరు. మొదటిది అంగడి బతకడానికి. రెండోది కొనేవాళ్ళ కష్టంలోంచి తీసుకునేది. బాడుగో, కరెంటో నిజంగా పెరిగితే ఎనిమిది తొమ్మిది కావచ్చు. బేడలు పెరిగాయి కనక ఎనిమిది పదిహేడు కాకూడదు.

సరుకు దాచిపెట్టడమూ ఇంకో సంగతే. 2015 అక్టోబరులో ప్రభుత్వం పప్పు నిలవల మీద పరిమితులు పెట్టి, గిడ్డంగుల మీద దాడులు చేసి, బోలెడు పప్పు పట్టుకుంది. అది తలుపులు మూసి, ఇంకా పెరుగుతుందని కాచుకున్నవాళ్ళ మీద. తలుపు తెరిచి, అడిగినవాళ్ళకల్లా ఈనాటి ధరకి కొలిచి ఇచ్చేవాళ్ళు వేరు. తేడా ధరలో లేదు, తలుపులో ఉంది.

ఈ న్యాయం అన్ని సరుకులకీ చెల్లదు. నూనె ప్యాకెట్టు మీద గరిష్ఠ ధర అచ్చువేసి ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై పొద్దుతిరుగుడు నూనె ధర ఎగిరినప్పుడు, అక్క దగ్గర పాత ప్యాకెట్లున్నాయి. అచ్చువేసిన దానికంటే పైసా ఎక్కువ తీసుకోకూడదు, అంకె చెరపకూడదు, దానిమీద ఇంకో చీటీ అంటించకూడదు. చట్టం ఒప్పుకోదు. అక్క చేయగలిగిందల్లా, అప్పటిదాకా అచ్చు ధర మీద తగ్గించి ఇస్తున్న నాలుగు రూపాయలు మానుకోవడం. కాబట్టి కొనేవాళ్ళుగా మనకి తెలియాల్సింది ఇదీ: విడి సరుకు ధర పాతమూటలోనైనా మారవచ్చు, పాత ప్యాకెట్టు ధర అచ్చువేసిన అంకె దాటకూడదు.

ఖాతా అమ్మకాలది ఇంకో తంటా. 98కి అరువిచ్చిన బేడలకి నెల తరవాత డబ్బు వచ్చేసరికి ధర 118 అయితే? "ఇప్పటి ధర ఇవ్వు" అని అడగడానికి లేదు. బేరం రాసుకున్న రోజునే అయిపోయింది. అక్క పుస్తకంలో రాసిన ధరనే తీసుకుంది. కానీ ధర ఎక్కుతున్న సరుకుకి మాత్రం నెల ఖాతా మాని వారం ఖాతా పెట్టింది. ఆవిడ మూటలు తరిగిపోవడంలో పెద్ద భాగం ఆ నెల ఖాతాలదేనని తాత లెక్క తేల్చాడు మరి.

మదనపల్లె అంటే మీకు టమోటాలు గుర్తుకొస్తాయి. 2023 జూలై చివర్లో అక్కడి మార్కెట్టులో మేలురకం కిలో దాదాపు 200 పలికింది. కొన్ని వారాలకే ఘోరంగా పడిపోయింది. ఆ సరుకు దగ్గర ఈ సూత్రం పారదు. రేపటి బుట్ట ఎంతకొస్తుందోనని చూస్తూ కూచుంటే, ఇవాళ్టి బుట్ట రసం కారుతుంది. సాయంత్రంలోగా ఎంతకి పోతే అంతే. తిరిగి తెచ్చే ధర చూసుకోవడం నిలవ ఉండే సరుకుకి, మళ్ళీ తప్పకుండా తెచ్చే సరుకుకి మాత్రమే. బేడలైనా వానాకాలం పురుగు పట్టే లోగా కదలాల్సిందే.

ఇది మా చౌడేపల్లె తాత ఒక్కడికే తట్టిన ఆలోచన కాదని నాకు తరవాత తెలిసింది. మొదటి ప్రపంచయుద్ధం తరవాత జర్మనీలో ధరలు పెరిగి పెరిగి, 1923 నాటికి పూటపూటకీ మారే స్థితికి వచ్చాయి. కొన్నధర మీద లాభం వేసుకుని అమ్మిన అంగళ్ళలో నోట్లు గుట్టలుగా పడ్డాయి, అల్మారాలు ఖాళీ అయ్యాయి. ఫ్రిట్జ్ ష్మిట్ అనే జర్మను ఆచార్యుడు 1921లోనే ఒక పుస్తకం రాసి, సరుకుని తిరిగి తెచ్చుకునే ధరనిబట్టే లాభం లెక్కకట్టాలని వాదించాడు. తాత ఆ పుస్తకం చూసి ఉండడు. ఆచార్యుడు చౌడేపల్లె చూసి ఉండడు. ఇద్దరూ మూటలనే లెక్కపెట్టారు.

కాని ఈ సూత్రానికి అసలు పరీక్ష ధర ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. 2016లో వానలు బాగా పడి దేశంలో కందులు విపరీతంగా పండాయి. 2017 మొదట్లో చాలా చోట్ల రైతుకి ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర కూడా దక్కలేదు. ఆ రోజుల్లో అక్క దగ్గర 120కి కొన్న మూట ఒకటి ఉంది. టోకు ధర 95కి దిగింది. పక్క అంగట్లో, "మేము కొన్నది 120కి, ఎట్ల తగ్గించేది?" అని పాత ధరే చెబుతున్నారు. ఎక్కేటప్పుడు రేపటి ధర, దిగేటప్పుడు నిన్నటి ధర! లోకంలో చాలా అంగళ్ళ నీతి ఇదే. మనకి ఒళ్ళు మండేదీ ఇక్కడే.

అక్క పలక మీద 103 అని రాసింది. కొన్నదానికంటే పదిహేడు తక్కువ. నేను ఫోనులో విని, "అయ్యో, నష్టం కదక్కా!" అన్నాను. "లెక్క చూడు మే" అంది. యాభై కిలోలు 103 చొప్పున 5,150. ఇంటి డబ్బాకి 400 పోతే మూట డబ్బాలో 4,750. కొత్త మూట ధర యాభై కిలోలు 95 చొప్పున సరిగ్గా 4,750. ఒక మూట పోయింది, ఒక మూట వచ్చింది. పుస్తకంలో నష్టం, అంగట్లో మూట.

పక్క అంగట్లో ఆ మూట ఎన్నాళ్ళుందో నాకు తెలియదు. "మూట రేత్రికి రేత్రి బంగారమైపాయనా?" అని అడిగిన ఆవిడ ఆ వారం అక్క దగ్గర కిలో బేడలు తీసుకుందట. డబ్బులిస్తూ పలకకేసి చూసి, "అదే మూటే గదా?" అందట.

"అదేనమ్మా" అందట అక్క, ఎనిమిది రూపాయలు ఇంటి డబ్బాలో వేస్తూ.